నోట్లో మేకు, గిన్నెలో పెరుగన్నం

వంట నాకు పదేళ్ల సరదా. బ్రెడ్డు పిండి తూచడానికి కొన్న చిన్న కాటా, ప్రయోగాలు రాసుకునే రూళ్ల పుస్తకం ఎప్పటినుంచో ఉన్నాయి. ఆగస్టు నుంచి ఆ పుస్తకంలో ఒకే మనిషికి చేసిన వంటలు ఉన్నాయి. అక్కకు క్యాన్సర్, మూడు వారాలకు ఒకసారి కీమో. ఆరింటిలో నాలుగు అయ్యాయి. ఎక్కించే మందుల్లో కార్బోప్లాటిన్ ఒకటి. నోట్లో లోహపు రుచి తెచ్చే మందుల్లో అది పేరుపడ్డది. విశాఖ సీతమ్మధారలోని మా ఇంట్లోనే ఉంటోంది కాబట్టి ఆమె తిన్నదీ వదిలేసిందీ రెండూ తూచి రాయగలిగాను.

మొదటి కీమో, అదే రోజు సాయంత్రం

ఇక్కడే పెద్ద తప్పు చేశాను. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి ఇష్టమైనది పెట్టాలని ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి వంజరం తెచ్చి పులుసు పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నది. రాత్రంతా వాంతులు. అవి మందు వల్లే, చేప మంచిదే. కానీ కడుపుకు ఆ తేడా తెలియదు. వికారంగా ఉన్నప్పుడు తిన్నదానిని అది శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. నాలుగో కీమో దాటినా వంజరం పేరెత్తితే అక్క ముఖం తిప్పుకుంటోంది. అప్పటినుంచి కీమో రోజున, తర్వాతి మూడు రోజుల్లో ఆమెకు ప్రాణమైన వంటలేవీ చేయడం లేదు. ఇష్టమూ అయిష్టమూ లేని ఇడ్లీ, బిస్కెట్టు, మరమరాల వంటివే ఆ రోజులకు.

మొదటి కీమో, 4వ రోజు నుంచి 9వ రోజు వరకు

"ఒరేయ్, నోట్లో తుప్పు పట్టిన మేకు పెట్టుకున్నట్టు ఉందిరా" అంది. రుచి తెలియడం లేదేమో, ఘాటు పెంచితే సరిపోతుందని అనుకున్నాను. చారులో చింతపండు పెంచాను. అరటికాయకు ఆవ పెట్టాను. గోంగూరలో పచ్చిమిర్చి దంచి వేశాను. అన్నీ కంచంలోనే మిగిలాయి. ఆవ ఘాటుకు కళ్ల నీళ్లు వచ్చాయి, మేకు మాత్రం కదల్లేదు. ఆరో రోజుకు నోటి లోపల చిన్న పుండ్లు లేచాయి, దాంతో పులుపు, కారం రెండూ పోయాయి. పుండ్లు లేనప్పుడు నిమ్మరసం కొంత పనిచేస్తుందని తర్వాత తెలిసింది. లేచాక మాత్రం అది మంట పెడుతుంది.

ఆ వారం పనికొచ్చినవి రెండే, రెండూ వంటలు కావు. ఒకటి పుక్కిలింత. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు వేసి, తినడానికి ముందు పుక్కిలించి ఉమ్మేయడం. మింగకూడదు. రెండోది గ్లాసు. స్టీలు చెంచా మానేయమని అందరూ చెబుతారు. మేము చేత్తో తినేవాళ్లం, చెంచాతో పనేముందని ఆ మాట పట్టించుకోలేదు. కానీ ఆమె పెదవికి రోజుకు ఇరవైసార్లు తగిలేది స్టీలు గ్లాసే. నీళ్లు పింగాణీ కప్పులోకి మార్చిన మర్నాడు ఆమె నీళ్లకు వంక పెట్టడం మానేసింది. తర్వాత కంచాన్నీ పింగాణీ పళ్లెంగా మార్చాను.

రెండో కీమో, 3వ రోజు

వంటతో పరిష్కారం కాని రోజు ఇది. ఉదయం నుంచి నీళ్లు కూడా నిలవలేదు. నేను అల్లం నీళ్లు, మరమరాలు, ఐసు ముక్కలు అంటూ వరుసగా ప్రయోగాలు చేస్తూ సాయంత్రం వరకు కాలం గడిపాను. అలా గడపకూడదు. మూత్రం చిక్కబడి తగ్గిందని అక్క చెప్పాకే ఆసుపత్రికి ఫోను చేశాను. అడిగిన మొదటి ప్రశ్న, వాంతి మాత్ర ఎప్పుడు వేస్తున్నారని. భోజనం తర్వాత వేస్తున్నాం. తినడానికి అరగంట ముందు వేయమన్నారు, మాత్రను కూడా మార్చారు. రెండు రోజుల్లో వాంతులు తగ్గుముఖం పట్టాయి. నా వంటలన్నీ కలిపి చేయలేని పని వేళ మార్పు, మందు మార్పు చేశాయి. పుస్తకం అట్ట లోపల ఎర్ర సిరాతో రాసి పెట్టుకున్నాను: నీళ్లు నిలవకపోయినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా వంటగదిలో ఉండకుండా ఫోను దగ్గరకు వెళ్లాలి.

రెండో కీమో, 8వ రోజు: వాసన, గాలి

వాంతులు ఆగాక కూడా వికారం పోలేదు. కుక్కర్ విజిల్ వేయగానే ముక్కు మూసుకునేది. వేడి అన్నం ఆవిరే ఆమెకు పడటం లేదు. అదే అన్నం చల్లారాక వాసన తగ్గి, రెండు ముద్దలు ఎక్కువ పోతోంది.

ఇంకో సంగతి ఇల్లు నేర్పింది. మా వంటగది తూర్పు వైపు, పడకగది పడమర వైపు. మధ్యాహ్నం సముద్రం మీది నుంచి వీచే గాలి వంటగది కిటికీలోంచి దూరి, పోపు వాసన మొత్తాన్ని అక్క మంచం దగ్గరకు మోసుకుపోతోంది. తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వెళ్తుంది. అప్పుడు వాసన కిటికీలోంచి బయటికే పోతుంది. అప్పటినుంచి ఆమె వంట తెల్లవారి ఐదుకు మొదలుపెట్టి ఆరున్నరకు ముగిస్తున్నాను. పోపు పూర్తిగా మానేశాను. ఇంగువ డబ్బా పై అటక ఎక్కింది.

మూడో కీమో: చల్లని పెరుగన్నం, ఐదు సార్లు

చల్లగా ఉండాలి, వాసన రాకూడదు, నమలాల్సిన పని ఉండకూడదు, నాలుగు ముద్దల్లోనే బలం ఉండాలి. వీటికి పెరుగన్నమే సరిపోయింది. కానీ మామూలు పెరుగన్నంలో నీళ్లే ఎక్కువ. దానిని చిక్కబరచడానికి నాకు వారం పట్టింది.

మొదటిసారి బలం కోసం నెయ్యి కలిపాను. ఫ్రిజ్‌లో పెట్టగానే నెయ్యి పూసకట్టి అంగిట్లో మైనంలా అంటుకుంది. రెండోసారి నెయ్యి తీసేసి పాలపొడిని నేరుగా పెరుగులో కలిపాను. ఉండలు కట్టింది. మూడోసారి వికారానికి మంచిదని పాలల్లోనే అల్లం వేసి కాచాను. పాలు విరిగాయి. పచ్చి అల్లానికి పాలను పేరబెట్టే గుణం ఉందని నా మతిమరుపు బుర్రకు అప్పుడు గుర్తొచ్చింది. నాలుగోసారికి పాలపొడిని పాలల్లో కలిపి కాచి తోడు పెట్టాను, అల్లాన్ని అన్నం నీళ్లలోకి మార్చాను. ఐదోసారి వేరుసెనగ పొడి చేర్చాను. అదే నిలిచింది.

ముందు పెరుగు. అర లీటరు చిక్కటి పాకెట్ పాలు చల్లగా ఉండగానే 50 గ్రాముల పాలపొడి చిలికి కలపాలి. పొయ్యి మీద అడుగంటకుండా తిప్పుతూ కాచి, వేలు పెడితే హాయిగా ఉండేంత గోరువెచ్చగా చేసి చెంచాడు తోడు వేయాలి. ఎండాకాలం కాకపోయినా మన ఉక్కకు ఐదారు గంటల్లో తోడుకుంటుంది. కదిపినప్పుడు గడ్డగా ఊగితే వెంటనే ఫ్రిజ్‌లోకి. ఇంకో గంట బయట ఉంటే పులుపెక్కి పుండ్లను మంట పెడుతుంది. మామూలు పెరుగులో 100 గ్రాములకు మూడు గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు ఉంటే, ఇందులో ఐదు దాటుతాయి.

తర్వాత అన్నం. 50 గ్రాముల బియ్యం, 300 మిల్లీలీటర్ల నీళ్లు, బొటనవేలంత అల్లం ముక్క చెక్కు తీసి చితక్కొట్టి వేయాలి. మెత్తగా జారేలా ఉడికాక అల్లం ఏరి పారేయాలి. వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, 200 గ్రాముల పెరుగు, వేయించి పొట్టు తీసి మెత్తగా దంచిన వేరుసెనగ పొడి 15 గ్రాములు, చిటికెడు ఉప్పు, అర చెంచా పంచదార కలపాలి. పంచదార తీపి కోసం కాదు, ఆ కాస్త తీపి మేకు రుచిని అణచింది. మొత్తం సుమారు 500 కేలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు. నాలుగు చిన్న పింగాణీ గిన్నెల్లో పెట్టి మూత వేసి ఫ్రిజ్‌లో పెడతాను. రెండున్నర గంటలకు ఒక గిన్నె. నీళ్లు గిన్నెతో పాటు ఇవ్వను, కడుపు నీళ్లతోనే నిండిపోతుంది. అరగంట ఆగి ఇస్తాను.

మొదటి రోజు రెండు గిన్నెలు ఖాళీ అయ్యాయి. మూడో రోజుకు నాలుగూ. "ఇది మందులా లేదు" అంది. నా వంటకు ఈ ఏడాది వచ్చిన పెద్ద పొగడ్త ఇదే.

బరువు ప్రతి సోమవారం ఉదయం చూస్తున్నాం. మొదట 58.4 కిలోలు. రెండో కీమో చివరికి 55.9. నెలలో ఐదు శాతం తగ్గితే తేలిగ్గా తీసుకోవద్దని డైటీషియన్ ముందే చెప్పారు. మాది దానికి దగ్గరగా వచ్చింది. మూడో కీమో చివరికి 56.2. పెరిగిందని సంబరపడలేదు, ఆగింది అనుకున్నాను. అక్కకు షుగర్ లేదు, మూత్రపిండాలు బాగున్నాయి. షుగర్ గానీ మూత్రపిండాల జబ్బు గానీ ఉన్నవాళ్లకు పాలపొడి, వేరుసెనగల లెక్క వేరు.

చద్దన్నం తగాదా

మూడో కీమో పదో రోజున అక్క చద్దన్నం అడిగింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి బయట ఉంచి, పొద్దున్నే పచ్చి ఉల్లిపాయతో. చిన్నప్పటి తిండి. ఇద్దరికీ నోరూరింది. పెట్టలేదు. సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్లకణాలు బాగా తగ్గి ఉంటాయి. రాత్రంతా బయట నానిన అన్నం ఆ వారంలో మంచిది కాదు. కాచిన పాలతో ఇంట్లో తోడు పెట్టిన తాజా పెరుగుకు మాత్రం డైటీషియన్ అభ్యంతరం చెప్పలేదు. తెల్లకణాల కౌంట్ మరీ పడిపోతే మళ్లీ అడగమన్నారు. ఎంగిలి పడిన గిన్నె తిరిగి ఫ్రిజ్‌లోకి పోదు. రెండు గంటలు బయట ఉన్నది నాకు వస్తుంది. ఈ లెక్కన నేను కిలోన్నర పెరిగాను.

"పెత్తనం ఎక్కువైందిరా నీకు" అని ఆ పూట మాట్లాడలేదు. సాయంత్రానికి అల్లం అన్నంలో పెరుగుకు బదులు చల్లటి మజ్జిగ పోసి, జారుడుగా, ఉల్లిపాయ నీళ్లలో ఉడికించి పక్కన పెట్టాను. చద్దన్నం కాదని ఒక్క ముద్దకే పట్టేసింది. తిన్నది మాత్రం మొత్తం.

నాలుగో కీమో, ఇప్పటి వరకు

పెరుగన్నం ఇప్పుడిప్పుడే మొహం మొత్తుతోంది. వంజరానికి పట్టిన గతి దీనికీ పడుతుందేమోనని రోజుకు రెండు గిన్నెలకు తగ్గించాను. మిగతా రెండిట్లో ఒకటి పోపు లేని పెసరకట్టు, ఫ్రిజ్‌లో చల్లార్చి, పుండ్లు లేని రోజు నాలుగు చుక్కల నిమ్మరసంతో. ఇంకోటి చిక్కటి పెరుగులో బాగా పండిన అమృతపాణి అరటిపండు మెదిపి చేసింది. ఉడికించిన గుడ్డు వాసన ఇప్పటికీ పడటం లేదు. మాంసం మేకు రుచిని రెట్టింపు చేస్తోందట, అటు పోవడం లేదు. వికారం మాత్ర వల్ల మలబద్ధకం మొదలైంది, దాని సంగతి వచ్చేసారి డాక్టరును అడగాలి.

ఐదో కీమో వచ్చే గురువారం. బుధవారం రాత్రికి అర లీటరు పాలు తోడు పెట్టాలి. వేరుసెనగలు ఆ తెల్లవారుజామునే వేయించి పెట్టుకోవాలి. పింగాణీ గిన్నెల్లో ఒకటి పగిలింది, పూర్ణా మార్కెట్‌లో ఇంకోటి చూడాలి.