బెంగాలీ నాలుగు, ఇంగ్లిష్ ఎనిమిది

మాది ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. ఆ ధైర్యంతోనే బంగ్లాదేశ్‌కు చెందిన ఒక ఆరోగ్య సర్వే రిపోర్టును ఇంగ్లిష్‌లోకి అనువదించడానికి ఒప్పుకున్నాను. వాక్యాలు సాఫీగానే సాగాయి. టెన్షన్ పెట్టింది అంకెలే.

బెంగాలీ 4 చూడ్డానికి ఇంగ్లిష్ 8 లాగా, 7 ఇంచుమించు 9 లాగా ఉంటాయి. అది తెలిసినవాడికైనా, గంటల తరబడి రెండు లిపుల మధ్య చూపు తిరుగుతుంటే చెయ్యి తప్పుతుంది. ఒక టేబుల్లో 24.6 శాతం, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు శాతం ఉండొచ్చని అంచనా వేసే హద్దులు, 21.8 నుంచి 27.4 అని ఉందనుకోండి (అసలు అంకెలు మార్చి చెబుతున్నాను). నేను 27.4ను 27.8 అని కొట్టాను. చదివితే అనుమానం రాదు, శాతం ఆ హద్దుల మధ్యనే ఉంది మరి.

పట్టిచ్చింది చిన్న లెక్క. రెండు హద్దులనూ కూడి సగం చేస్తే దాదాపు ఆ శాతమే రావాలి. నాకు 24.8 వచ్చింది. దశాంశాలను సవరించడం వల్ల 0.1 దాకా తేడా రావచ్చు, 0.2 రాకూడదు. అన్ని వరుసలకూ ఈ లెక్క చేసి చూశాను. అయితే సున్నాకో నూటికో దగ్గరగా ఉన్న శాతాలకు ఇది పనిచేయదు. 2.1కి 1.2 నుంచి 3.6 అని ఉన్నా తప్పు కాకపోవచ్చు, అక్కడ ఇంటర్వెల్ సహజంగానే ఒక పక్కకు సాగుతుంది.

ఇంకో దారి అనుకోకుండా దొరికింది. ఆ ఫైల్ పాత SutonnyMJ ఫాంట్‌లో ఉంది. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే అక్షరాలన్నీ Avwg లాంటి గందరగోళంగా మారతాయి, అంకెలు మాత్రం మామూలు ఇంగ్లిష్ అంకెలుగా వస్తాయి. నా కంటితో పనిలేకుండా సరిచూసుకోవడానికి అంతకంటే ఏం కావాలి!

శాంపిల్ వివరాల్లో మాటలే చిక్కు. మేం 'ఖానా' అంటే తిండి అనుకుంటూ పెరిగాం. బంగ్లాదేశ్ సర్వేల్లో ఖానా అంటే హౌస్‌హోల్డ్, ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. దాన్ని ఫ్యామిలీ అని రాయకూడదు, ఒక ఖానాలో బంధువులు కానివాళ్లూ ఉండొచ్చు. అలాగే 'కఖనో బిబాహిత' అన్నచోట మొదట మ్యారీడ్ విమెన్ అని రాసేశాను. అది ఎవర్-మ్యారీడ్: భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆ ఒక్క మాట పోతే శాతం ఎవరి గురించో మారిపోతుంది.

చివరికి ఒక్క వరుసలో సగటు కుదరలేదు. ఫైల్లోని అంకె, నేను కొట్టిన అంకె ఒకటే. నేను దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టే ఉంచి, పక్కన గుర్తు పెట్టి, సర్వే చేసినవాళ్లకు రాశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది: పైహద్దు అచ్చుతప్పట. బెంగాలీ ప్రతిలోనూ మార్చారు, ఆ తర్వాతే నేను ఇంగ్లిష్‌లో మార్చాను.