ఒక్క స్పిన్ లెక్క తెప్పించుకోవడానికి ఆరు వారాలు

నిన్న సాయంత్రం నా ఖాతాలో 243 పౌండ్ల 80 పెన్నీలు పడ్డాయి. కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ. బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఎంఎస్సీ చదువుతున్నాను. జూలైలో ఒక రాత్రి షిఫ్ట్ ముగించుకొని వచ్చి, అక్కడ లైసెన్స్ ఉన్న ఒక జూదం సైట్‌లో బొమ్మలు తిరిగే స్లాట్ ఆడుతున్నాను. స్పిన్‌కి ఒక పౌండు. పది ఫ్రీ స్పిన్లు తగిలాయి. ఆరోది తిరుగుతుండగా నెట్ పోయింది. మళ్లీ తెరిస్తే, ఆ ఫ్రీ స్పిన్లు తగిలించిన స్పిన్‌కి ముందున్న 38.40 కాస్తా 37.40 అయింది. అంటే పందెం కోసుకున్నారు, గెలుపు మాత్రం వేయలేదు.

చాట్‌లో అడిగాను. "రాత్రి 11:42కి మీ ఖాతాలో ఏ ఆటా లేదు సర్" అన్నారు. స్క్రీన్‌షాట్ పంపినా అదే మాట. మూడు రోజుల్లో ముగ్గురు మారారు. మూడో మనిషి ఇంకో అడుగు ముందుకేసి, "ఆ రాత్రి మీరు నాలుగుసార్లు డబ్బు వేశారు, ఆట అదుపు తప్పుతుంటే సహాయానికి లింక్ పంపుతాను" అన్నాడు. సలహా తప్పు కాదు. కానీ నేను అడిగిందేమిటి, అతను చెప్పిందేమిటి? అబద్ధమాడి పైసలు అడుక్కునేవాడిలా చూశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి బ్యాంక్ యాప్ చూస్తే అసలు సంగతి దొరికింది. నేను 11:05కి వేసిన డబ్బు సైట్ చిట్టాలో 22:05 అని ఉంది. వాళ్ల లాగ్‌లు ప్రపంచమంతా ఒకే లెక్కగా వాడే UTC టైంలో నడుస్తాయి. ఎండాకాలంలో బ్రిటన్ గడియారం దానికి గంట ముందుంటుంది. వాళ్లు మూడు రోజులుగా వెతుకుతున్నది నేను ఆట ఆపేసిన తర్వాతి గంటలో! చలికాలమైతే ఈ తేడా ఉండేదే కాదు. మీరు టైం రాసేటప్పుడు పక్కన UTC టైం కూడా రాయండి.

సైట్‌లోనే ఉన్న లావాదేవీల పేజీలో 22:41కి ఒక పౌండు పోయినట్టు, పక్కనే ఆ ఆటకు వాళ్లిచ్చిన నంబరు `Round ID` కనిపించాయి. దాన్ని నల్గొండలో సహకార బ్యాంకులో పనిచేసే మా బావకు పంపాను.

"పాస్‌బుక్ ఒక్కటే పట్టుకొని కొట్లాడితే ఎట్లరా? అవతలి పుస్తకంల ఏం రాసుకున్నరో అది అడుగు" అన్నాడు.

ఈ గొడవంతా ఆ మాటలోనే ఉంది. మన డబ్బు లెక్క సైట్ దగ్గర ఉంటుంది. స్పిన్ ఫలితం ఆట తయారుచేసిన కంపెనీ సర్వర్‌లో నమోదవుతుంది. ఫోన్‌లో తిరిగేది బొమ్మ మాత్రమే, అందుకే స్క్రీన్‌షాట్‌కి విలువ తక్కువ. ఫలితం అక్కడ నమోదై, డబ్బు ఇక్కడికి చేరకపోతే, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితేనే బయటపడుతుంది.

రిజిస్టర్ చేసిన ఈమెయిల్ నుంచే `Subject Access Request` అని శీర్షిక పెట్టి, అంటే నా గురించి మీ దగ్గరున్న డేటా ఇవ్వండని, సైట్‌కి రాశాను. అక్కడి డేటా చట్టం ప్రకారం ఇది ఉచితం, నెలలోపు ఇవ్వాలి. చిక్కుగా ఉంటే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు, అందుకని ఆ సాకు దొరకకుండా ఒక్క గంట లెక్కే అడిగాను: ప్రతి రౌండ్ ఐడీ, పందెం, గెలుపు, మొదలైన టైం, ముగిసిన టైం, స్థితి, ముందూ వెనకా బ్యాలెన్స్, అదే ఐడీతో డబ్బు పద్దులో ఉన్న ప్రతి వరుస. రౌండ్ రికార్డు ఆట కంపెనీ దగ్గరుంటే తెప్పించి ఇవ్వమనీ, పీడీఎఫ్ కాకుండా ఎక్సెల్‌లో తెరుచుకునే CSV ఫైల్ కావాలనీ రాశాను. పాస్‌పోర్ట్ మళ్లీ అడిగారు, పంపాను.

మొదట వచ్చింది పదకొండు నెలల డిపాజిట్ల పీడీఎఫ్. రౌండ్లు ఒక్కటీ లేవు. కావాలనే చేశారని నా అనుమానం. అడిగిందే మళ్లీ అడిగాను. 29వ రోజున ఫైల్ వచ్చింది. నా ఐడీ ఎదురుగా పందెం 1.00, గెలుపు 243.80, స్థితి `PENDING`, అంటే ఇంకా తేలలేదని. డబ్బు పద్దులో అదే ఐడీకి జమ వరుసే లేదు. ఆ రెండు వరుసలూ అతికించి ఫిర్యాదు పెట్టాను. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే స్వతంత్ర వివాద పరిష్కార సంస్థకు వెళ్తానని ఒక్క ముక్క రాశాను. అది మనకు ఉచితం. గ్యాంబ్లింగ్ కమిషన్‌కి రాసి లాభం లేదు, ఒక్కొక్కరి తగాదాలు అది తీర్చదు. ఆరో వారానికి డబ్బు వేశారు.

ఊళ్లో ఉన్న దోస్తులకు ఇది పనికిరాదు. తెలంగాణలో 2017 నుంచే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం నేరం, 2025లో కేంద్రం చట్టం కూడా వచ్చింది. టెలిగ్రామ్‌లో లింకులిచ్చే యాప్‌ల వాళ్లను లాగ్ అడిగితే నంబరే బ్లాక్ చేస్తారు.

ఆ పదకొండు నెలల పీడీఎఫ్ కూడా తెలివిగా బావకే పంపాను. కింద మొత్తం 2,316 పౌండ్లు అని ఉంది. ఆయన దాన్ని రూపాయల్లోకి మార్చుకొని ఫోన్ చేశాడు. "అక్కకు చెప్పలే" అన్నాడు, పెట్టేశాడు.