20 ఏళ్ళు అనుకున్న హోమ్ లోన్ 16 ఏళ్ళకి ఎలా దిగింది, మళ్ళీ 18 ఎలా చేయించుకున్నాను

పోయినేడాది జనవరిలో, అంటే 2025లో, ఫ్లాట్ కొందామని లోన్ పని మొదలుపెట్టాను. నాకు కావాల్సింది 36 లక్షలు. లోన్ ఇప్పించే ఏజెంట్ ఫోన్‌లో అడిగినవి మూడే ప్రశ్నలు: జీతం ఎంత, వేరే ఈఎంఐలు ఉన్నాయా, వయసెంత. చేతికొచ్చేది 80 వేలు, కారు లోన్ ఈఎంఐ 8 వేలు, వయసు 40 అన్నాను. "ఇంకేం సార్, 60 లోంచి 40 పోతే 20 ఏళ్ళు, మీకు 36 హాయిగా వస్తుంది" అన్నాడు. నేనూ నమ్మేసి ఫ్లాట్ ఓనర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాను. అదే నేను చేసిన తప్పు.

ఆ "60 లోంచి 40" లెక్కలో మూడు పొరపాట్లున్నాయి. అందులో ఒకటి పూర్తిగా నాదే.

నాకు 40 అన్నది మా అమ్మ చెప్పే వయసు. బడిలో వేసేటప్పుడు మాస్టారు దాదాపు పది నెలలు ముందుకు జరిపి రాసేశారు, మన వైపు నా వయసు వాళ్ళలో ఇది కొత్త కాదు. పదో తరగతి మెమోలో 1983 జూన్ 14 అని ఉంది. పాన్, ఆధార్, ఆఫీసు రికార్డు అన్నీ దాన్నే పట్టుకుని నడుస్తున్నాయి. బ్యాంకుకి ఆ తేదీ తప్ప వేరేది అక్కర్లేదు. దాని ప్రకారం అప్లికేషన్ ఇచ్చిన జనవరి 10 నాటికి నాకు 41 నిండి ఏడో నెల పూర్తి కావస్తోంది. కాబట్టి ఎవరైనా వయసడిగితే ఇంట్లో కేక్ కోసే తేదీ కాకుండా మెమోలో ఉన్న తేదీ చెప్పండి.

రెండో పొరపాటు, నిండిన ఏళ్ళని మాత్రమే లెక్కేసి పైన ఉన్న నెలలు వదిలేయడం. నాకు 60 నిండేది 2043 జూన్ 14న. 2025 జనవరి 10 నుంచి అక్కడికి 18 ఏళ్ళ 5 నెలలు, అంటే 221 నెలలు. మా బ్యాంకు దాన్ని కిందికి దించి పూర్తి ఏళ్ళలోనే ఇస్తుంది, అంటే 18 ఏళ్ళు, 216 నెలలు. నెలల్లో కూడా ఇచ్చే వాళ్ళున్నారు, అందుకని ముందే అడగడం మంచిది.

మూడోది అసలైంది. పది రోజుల తర్వాత బ్రాంచిలో లోన్ చూసే మేడం ఫోన్ చేసి, "సార్, మీకు 16 ఏళ్ళకే వస్తోంది, అమౌంట్ 33 లక్షల 50 వేలు" అన్నారు. పరుగున వెళ్ళాను. ఆవిడ నా అపాయింట్‌మెంట్ లెటర్ తిరగేసి ఒక లైను చూపించారు: పదవీ విరమణ వయసు 58. నేను 2012లో సంతకం పెట్టిన కాగితం అది, ఆ లైను చదివినట్టు కూడా గుర్తులేదు. జీతగాళ్ళకి చివరి ఈఎంఐ 60 లోపు పడాలి, కంపెనీలో రిటైర్మెంట్ అంతకంటే ముందుంటే ఆ వయసు లోపే పడాలి, అని వాళ్ళ రూల్. ఏది ముందొస్తే అదే. జీతం ఆగాక ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారన్నది వాళ్ళ ప్రశ్న, అది న్యాయమే. నాకు 58 నిండేది 2041 జూన్‌లో, అంటే 16 ఏళ్ళ 5 నెలలు, కిందికి దించితే 16.

కాబట్టి లెక్క ఇది. బ్యాంకు ఎవరికైనా ఇచ్చే గరిష్ఠ కాలం ఒకటుంటుంది, చాలాచోట్ల 30 ఏళ్ళు. బ్యాంకు పెట్టుకున్న వయసు పరిమితి, మన ఉద్యోగంలో రిటైర్మెంట్ వయసు, ఈ రెండిట్లో తక్కువ దాన్నుంచి రికార్డు ప్రకారం మన వయసు తీసేస్తే ఇంకొకటి వస్తుంది. ఈ రెండిట్లో చిన్నదే మన టెన్యూర్. ముప్పై లోపు వాళ్ళకి ఆ 30 ఏళ్ళ గీతే అడ్డు, నాలాంటి నలభై దాటిన వాళ్ళకి వయసు గీత అడ్డు.

నాలుగేళ్ళు తగ్గితే లోన్ ఎందుకు తగ్గిందో కూడా చెప్తాను. మా బ్యాంకు చేతికొచ్చే జీతంలో సగం వరకు ఈఎంఐలకి ఒప్పుకుంటుంది. 80 వేలల్లో సగం 40 వేలు, కారుకి 8 వేలు పోను ఇంటికి మిగిలింది 32 వేలు. అప్పటి నా వడ్డీ 8.5 శాతం. నెలకి 32 వేలు కట్టగలిగితే 20 ఏళ్ళకి 36 లక్షల 87 వేల దాకా వస్తుంది, 18 ఏళ్ళకి 35 లక్షల 34 వేలు, 16 ఏళ్ళకి 33 లక్షల 52 వేలు. ఏజెంట్ చెప్పిన 20 ఏళ్ళకీ బ్యాంకు చెప్పిన 16 ఏళ్ళకీ తేడా దగ్గర దగ్గర మూడు లక్షల ముప్పై అయిదు వేలు. అడ్వాన్స్ ఇచ్చాక ఈ మాట వింటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, రెండు రాత్రులు నిద్ర లేదు.

ఇవన్నీ ఎక్సెల్‌లో మనమే చూసుకోవచ్చు. మొదటిది నెలలు చెప్తుంది, రెండోది ఆ ఈఎంఐకి ఎంత లోన్ వస్తుందో, మూడోది లోన్‌కి ఈఎంఐ ఎంతో.

```
=DATEDIF(DATE(2025,1,10),DATE(2043,6,14),"m")
=PV(8.5%/12,216,-32000)
=PMT(8.5%/12,216,-3530000)
```

ఈ టెన్షన్‌లో ఉండగా ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు. "మీ ఆవిడకి 36 ఏళ్ళే కదరా, కో-అప్లికెంట్‌గా పెట్టు, 24 ఏళ్ళు వస్తుంది." వినడానికి బాగుంది కదా. మేడంని అడిగితే నవ్వేశారు. కో-అప్లికెంట్‌గా పెట్టొచ్చు సార్, కానీ మేం చూసేది ఎవరి ఆదాయం మీద లోన్ ఇస్తున్నామో వాళ్ళ వయసు, అన్నారు. మా ఆవిడకి జీతం లేదు, కాబట్టి ఆవిడ వయసుతో లెక్కకి పని లేదు. ఇద్దరికీ జీతాలుంటే మాత్రం ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి. ఇద్దర్లో పెద్దవాళ్ళ వయసు తీసుకునేవాళ్ళున్నారు, ఎక్కువ జీతం వచ్చేవాళ్ళది తీసుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రశ్న అడక్కుండా పేరు చేర్చుకుని లాభం లేదు.

మా బావగారు ఆంధ్రాలో ప్రభుత్వ టీచర్, ఆయనకి ఈ బాధ తక్కువ. అక్కడ రిటైర్మెంట్ 2022 నుంచి 62, తెలంగాణలో 2021లో 61 చేశారు. పైగా పెన్షన్ వచ్చే ఉద్యోగమైతే రిటైరయ్యాక కూడా కొన్నేళ్ళు లోన్ నడవనిచ్చే బ్యాంకులున్నాయి, ఆ తర్వాతి ఈఎంఐని పెన్షన్‌లో సరిపోతుందా అని చూస్తారు. నాకు పెన్షన్ పేరుతో వచ్చేది పీఎఫ్ పెన్షనే, దాన్ని చూపించి 30 వేల ఈఎంఐ అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

నన్ను గట్టెక్కించింది మా ఆఫీసు హెచ్ఆర్. ఎందుకో అనుమానమొచ్చి అడిగాను, మా ఆఫీసులో పోయినేడు రిటైరైన పెద్దాయనకి 60 నిండాకే పార్టీ ఇచ్చాం కదా, మరి 58 ఎక్కడిది అని. హెచ్ఆర్ అమ్మాయి చూసి, "సార్, అది పాత రూల్, తర్వాత అందరికీ 60 చేశారు, మీ లెటర్ మాత్రం పాతదే" అంది. కంపెనీ లెటర్‌హెడ్ మీద నా పేరు, ఉద్యోగి నంబరు, రికార్డు ప్రకారం పుట్టిన తేదీ, రిటైర్మెంట్ వయసు 60, రిటైరయ్యే తేదీ 2043 జూన్ 30 అని రాసి, సంతకం, స్టాంపు వేసి ఇచ్చారు. దాంతో పాటు ఆ రూల్ మారిన పేజీ కాపీ కూడా పెట్టమన్నారు మేడం. లెటర్ ఒక్కటే అయితే పైవాళ్ళు అడ్డుచెప్తారట, లోన్ కోసం రాయించుకొచ్చాడని. నాలుగు రోజుల్లో టెన్యూర్ 18 ఏళ్ళకి మారింది.

అయినా 36 రాలేదు, చూశారు కదా, 18 ఏళ్ళకి పైకప్పు 35 లక్షల 34 వేలు. 35 లక్షల 30 వేలు శాంక్షన్ చేశారు, ఈఎంఐ 31,963. తగ్గిన 70 వేలు చేతి నుంచి వేసుకున్నాను. అప్పుడే తట్టిన ఇంకో సంగతి, కారు లోన్‌లో ఇంకా 14 వాయిదాలే ఉన్నాయి, లక్ష చిల్లర. అది ముందే తీర్చేసి ఉంటే ఇంటికి 40 వేల ఈఎంఐకి చోటుండేది, అప్పుడు 16 ఏళ్ళకే 36 లక్షలు వచ్చేసేవి, వాటికి ఈఎంఐ 34,400 లోపే. వయసుతో కుస్తీ పట్టేబదులు ఆ చిన్న అప్పు తీర్చడం తేలిక. కానీ ఆ లక్ష అడ్వాన్స్‌లో వెళ్ళిపోయింది.

కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కొనేవాళ్ళకి ఇంకో చిక్కుంది. నాది రెడీ ఫ్లాట్ కాబట్టి డబ్బంతా ఒకేసారి ఇచ్చారు, మార్చి నుంచి ఈఎంఐ మొదలైంది. కట్టుబడి నడుస్తున్నంత కాలం వడ్డీ మాత్రమే కట్టి, తాళాలిచ్చాక ఈఎంఐ మొదలయ్యేలా ఉంటే, మన 60 మాత్రం వెనక్కి జరగదు. ఏడాదిన్నర అలా పోతే ఈఎంఐ కట్టడానికి మిగిలే నెలల్లో 18 తగ్గుతాయి, ఈఎంఐ ఆ మేరకు పెరుగుతుంది.

సంతకాలు పెట్టేటప్పుడు మేడం చెప్పిన మాట ఒకటి ఇప్పటికీ నా మనసులో ఉంది. మారే వడ్డీ లోన్లలో రేటు పెరిగితే ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పొడిగించుకోవాలా అని మనల్ని అడగాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. చాలామంది కాలమే పొడిగించుకుంటారు. నాకు మాత్రం ఆ వీలు లేదట. ఇంటికొచ్చి లెక్క వేసి చూశాను. మొదట్లోనే 9.5 శాతం అయిందనుకోండి, అదే 31,963 కడుతూ పోతే లోన్ తీరడానికి 263 నెలలు పడుతుంది. నా దగ్గరున్నవి 216, 60 దాటితే ఒప్పుకోరు. అంటే ఈఎంఐ 34,167 అవుతుంది, వేరే దారి లేదు. అందుకని నెలకి ఓ రెండున్నర వేలు విడిగా ఆర్డీలో వేస్తున్నాను. రేట్లు ఆ తర్వాత తగ్గాయి గానీ ఆర్డీ ఆపలేదు. నా చివరి ఈఎంఐ 2043 ఫిబ్రవరిలో, రిటైర్మెంట్ జూన్‌లో. మధ్యలో ఉన్నది నాలుగు నెలలే.