ఇంట్లోవాళ్లను పలకరించడం మొదలుపెట్టాక

చుట్టాలొస్తే "రండి రండి" అంటూ గుమ్మం దాకా వెళ్తాం. అదే ఇంట్లో మనిషి బయటి నుంచి వస్తే తలుపు తీసి మన పనిలో మనం పడిపోతాం. మా ఇంట్లో ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. కోపాలేం లేవు. రోజూ చూసే మనిషిని ప్రత్యేకంగా పలకరించేదేముందిలే అన్న ధోరణి, అంతే. దాంతో పొద్దున్నే మొదటి మాట "మోటార్ వేశారా?" అయ్యేది. ఇంటర్ చదివే మా బాబు సాయంత్రం చెప్పులు విప్పకముందే "టెస్ట్ ఎలా రాశావు?" అని అడిగేవాళ్లం. "బానే" అని గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. గుమ్మంలోనే విచారణ మొదలైతే ఎవరైనా అంతేగా!

అందుకే ఒక్కటి మార్చాను. ఎవరు వచ్చినా నా మొదటి మాట ప్రశ్న కాకూడదు, పని కాకూడదు. వంటింట్లోంచి అరవకుండా హాల్లోకి వచ్చి, మొహం చూసి "వచ్చావా నాన్నా" అంటాను. మంచినీళ్లు తాగి బట్టలు మార్చుకునే దాకా ఇంకేమీ అడగను. టెస్ట్ సంగతి టిఫిన్ దగ్గర.

మొదట్లో అందరికీ ఎబ్బెట్టుగానే ఉంది. మావారైతే "ఏమైనా కొనాలా?" అన్నారు. బాబు బదులే చెప్పలేదు. ఆ రోజుల్లోనే ఆగిపోయేదాన్నేమో కానీ, జాన్ గాట్‌మన్ అనే అమెరికా మనస్తత్వవేత్త గురించి చదివింది గుర్తుంది. దంపతుల్లో ఒకరు చిన్న మాటతో దగ్గరవాలని చూసినప్పుడు రెండోవాళ్లు వాళ్ల వైపు తిరుగుతున్నారా, పట్టించుకోవడం లేదా అన్నది ఆయన ఏళ్లపాటు గమనించారు. నేనూ జవాబు కోసం కాకుండా అదే చూశాను. బాబు మాట్లాడకపోయినా, నా వైపు చూసి బ్యాగు దించేవాడు. తర్వాత్తర్వాత వంటింటి గట్టు దగ్గరకొచ్చి నిలబడి, అడగకుండానే కాలేజీ కబుర్లు మొదలుపెట్టేవాడు.

మామయ్యగారి విషయం వేరు. ఆయనకు వినికిడి తక్కువ, వెనక నుంచి అంటే లెక్కలోకి రాదు. పేపర్ చదువుతుంటే ఎదురుగా నిలబడి "నిద్ర పట్టిందా మామయ్యా?" అంటాను. పెద్దవాళ్లకు ఈ ప్రశ్నే పలకరింపు. రాత్రుళ్లు మోకాలి నొప్పితో లేచి కూర్చుంటున్నారని అలాగే తెలిసింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకు చూపించాం.

గొడవలు మాత్రం పోలేదు. డబ్బు దగ్గర మావారికీ నాకూ ఇప్పటికీ మాటామాటా వస్తుంది. అలాంటి మర్నాడు నవ్వు తెచ్చిపెట్టుకోను, తెచ్చిపెట్టుకున్నది ఇట్టే తెలిసిపోతుంది. "లేచారా, కాఫీ పెడుతున్నా" అని మాత్రం అంటాను. ఇదివరకు రెండు మూడు రోజులు సాగే మౌనం ఇప్పుడు చాలాసార్లు ఆ కాఫీ దగ్గరే తెగిపోతోంది. అసలు విషయం ఆదివారం తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుంటున్నాం.