బోరు నీళ్లు, సబ్బు నురగ

"నీటి కాఠిన్యం అంటే ఏమిటి అని అడిగితే పుస్తకం చూసి రాసేస్తారు మేడమ్" అన్నారు ఈరోజు మా లెక్కల సార్. నిజమే. అందుకే ఎనిమిదో తరగతి ప్రాజెక్టుకి ప్రశ్న ఇలా పెట్టాను: "మన బడి బోరు నీళ్లలో సబ్బు నురగ సరిగా రావట్లేదు, మనం రప్పించగలమా?"

సాయంత్రం ల్యాబ్‌లో ముందుగా చేసి చూశాను. ఒక పరీక్షనాళికలో 10 మి.లీ. బోరు నీళ్లు, ఇంకోదాంట్లో అంతే డిస్టిల్డ్ వాటర్. రెండింట్లో ఒకే కొలత సబ్బు ద్రావణం వేసి, ఒకేలా ఊపి, నురగ ఎత్తు స్కేలుతో కొలిచాను. తేడా కంటికే కనిపించింది. ఇక్కడ బట్టల సబ్బే వాడాలి. డిటర్జెంట్ కఠిన జలంలోనూ నురగిస్తుంది, ప్రయోగం ఏమీ చెప్పదు.

మైలురాళ్లు మూడే. చేయి పెట్టకముందు ప్లాన్ చూపించాలి. తర్వాత కొలతల పట్టిక. ఆపైన నీళ్లు మరిగించి ఒకసారి, చాకలి సోడా వేసి ఒకసారి మళ్లీ కొలవాలి. మరిగిస్తే నురగ పెరిగితే అది తాత్కాలిక కాఠిన్యం. పెరగకుండా సోడాతోనే పెరిగితే శాశ్వతం. రెండూ కలిసి ఉండొచ్చు కూడా.

గ్రూపులో కొలిచేవారు, ఊపేవారు, రాసేవారు, "అందరూ ఒకేలా ఊపారా?" అని నిలదీసేవారు. ఈ నాలుగో పని నాకు చాలా ఇష్టం. ప్రతి మైలురాయికీ పనులు మారతాయి, లేకపోతే చక్కటి దస్తూరి ఉన్న అమ్మాయి ఆఖరిదాకా రాస్తూనే ఉంటుంది.

ఈ పరీక్షతో నీళ్లు తాగొచ్చో లేదో తెలియదని మొదటి రోజే చెప్పాలి. ఫ్లోరైడ్ సంగతి నురగ చెప్పదు.