బీపీ మాత్ర వేసుకునేవాణ్ణి, క్రియాటిన్ వాడొచ్చా? నా అనుభవం

మాది రావులపాలెం. అరటి గెలల వ్యాపారం. వయసు 46. కొన్నేళ్లుగా బీపీకి రోజూ టెల్మిసార్టాన్ 40 వేసుకుంటున్నాను. షుగర్ లేదు. బొజ్జ తగ్గించుకుందామని జిమ్‌లో చేరితే, కొన్నాళ్లకి కోచ్ కుర్రాడు క్రియాటిన్ మాట ఎత్తాడు. "రోజుకి ఐదు గ్రాములు బాబాయ్, నీళ్లలో కలుపుకుని తాగేయడమే. బరువులెత్తేటప్పుడు తేడా మీకే తెలుస్తుంది." అతను చెప్పింది నిజమే. మార్కెట్లో దొరికే సప్లిమెంట్లలో బాగా పరిశోధన జరిగిన వాటిలో క్రియాటిన్ మోనోహైడ్రేట్ ఒకటి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకి 3 నుంచి 5 గ్రాములు వాడితే కిడ్నీలు పాడయ్యాయని ఆ పరిశోధనల్లో తేలలేదు.

కానీ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. కిడ్నీ, కాలేయం, గుండె జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడిగి వాడాలని. కోచ్ అది చూసి "మీకవేవీ లేవు కదా" అన్నాడు. నాకు లేవని ఎవరు చూశారు? బీపీ ఏళ్ల తరబడి ఉంటే కిడ్నీ దెబ్బతినే అవకాశం ఉంటుందని, మొదట్లో దానికి నొప్పి గానీ వాపు గానీ ఉండవని మా ఇంట్లో ఒకరి విషయంలో చూశాను. నా పాత ఫైలు తీస్తే రెండేళ్ల కిందటి రిపోర్టులో కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, 1.3 అని ఉంది. ఆ ల్యాబ్ వాళ్ల నార్మల్ హద్దు కూడా 1.3. అంకె గీత దాటలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. మూత్రం పరీక్ష అసలు ఎప్పుడూ చేయించలేదు.

మా ఊరి ఫిజీషియన్ ఆ రిపోర్టు చూసి, తను చెప్పేకంటే కిడ్నీ డాక్టరుకి చూపించుకోవడం మేలని రాజమండ్రి పంపించారు. అపాయింట్‌మెంటు తీసుకుంటున్నప్పుడే అక్కడి సిస్టర్ కొన్ని జాగ్రత్తలు చెప్పింది. పరీక్షకి ముందు రెండు మూడు రోజులు జిమ్‌కి వెళ్లొద్దంది. ముందు రోజు రాత్రి మటన్, చికెన్ వద్దంది. వండిన మాంసంలోనే కొంత క్రియాటినిన్ ఉంటుంది, అది రక్తంలోకి వచ్చి అంకెని పెంచుతుంది. గట్టిగా కసరత్తు చేసినా పెరుగుతుంది, మూత్రంలో ప్రోటీన్ కూడా కనిపించవచ్చు. మా ఇంట్లో ఆదివారం కోడికూర లేకుండా గడవడం అదే మొదటిసారి అనుకుంటాను. వేసుకునే మాత్రల పట్టీలన్నీ, క్రియాటిన్ డబ్బా లేబుల్ ఫొటో కూడా పట్టుకెళ్లాను.

డాక్టరుగారు పెద్దావిడ. ఫొటో చూడగానే తిడతారనుకున్నాను గానీ, "వేసుకోకముందే వచ్చారు, నా పని సగం తగ్గింది" అన్నారు. తర్వాత తీరుబడిగా చెప్పారు. క్రియాటిన్ మన ఒంట్లో ఎలాగూ ఉంటుంది. కిడ్నీ, కాలేయం కలిసి దాన్ని తయారు చేస్తాయి, కొంత చేపలు, మాంసం నుంచి వస్తుంది. దాదాపు అంతా కండరాల్లోనే నిలవ ఉంటుంది. ఆ నిలవలో రోజుకి ఒకటి రెండు శాతం క్రియాటినిన్‌గా మారి, రక్తంలో కలిసి, కిడ్నీ ద్వారా బయటికి పోతుంది. అంటే క్రియాటినిన్ చెత్త సరుకు. కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో ఆ చెత్త రక్తంలో ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి లెక్కగడతారు. పొడి రూపంలో ఇంకాస్త క్రియాటిన్ వేసుకుంటే నిలవ పెరుగుతుంది, క్రియాటినిన్ కూడా కొంత పెరగొచ్చు. కిడ్నీకి ఏమీ కాకపోయినా రిపోర్టు మాత్రం కిడ్నీ తగ్గినట్టు చూపిస్తుంది.

నాకు మా కాలువ గుర్తొచ్చింది. లాకు దగ్గర స్కేలు మీద నీటిమట్టం పెరిగిందంటే బ్యారేజీ నుంచి నీళ్లు ఎక్కువ వదిలైనా ఉండాలి, కింద గుర్రపుడెక్క అడ్డం పడి పారుదల ఆగైనా ఉండాలి. స్కేలు చూసి ఏదో చెప్పలేం. ఆవిడతో అదే అంటే, "ఆయ్, సరిగ్గా అదే. మీకు గుర్రపుడెక్క ఉందో లేదో ముందు చూద్దాం" అన్నారు.

దానికోసం క్రియాటినిన్‌తో పాటు ఇంకో రెండు పరీక్షలు రాశారు. ఒకటి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్‌కీ, క్రియాటినిన్‌కీ ఉన్న నిష్పత్తి. పొద్దున్నే వచ్చే మొదటి మూత్రం ఇస్తే చాలు. రెండోది రక్తంలో సిస్టాటిన్ సి. ఇది కండరాల నుంచే వచ్చేది కాదు కాబట్టి క్రియాటిన్ పొడికీ, తిన్న మాంసానికీ పెద్దగా కదలదు. అయితే థైరాయిడ్ తేడా ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా దీని అంకె కూడా మారుతుందట, అందుకే ఆ రెండూ నన్ను అడిగి తెలుసుకున్నారు. మా దగ్గర చిన్న ల్యాబుల్లో సిస్టాటిన్ సి చేయరు. శాంపిల్ హైదరాబాద్ పంపారు. ఖర్చు మామూలు క్రియాటినిన్ పరీక్షకంటే చాలా ఎక్కువ.

రిపోర్టులు వచ్చాయి. క్రియాటినిన్ 1.3. నా వయసుకి లెక్కవేస్తే ఈజీఎఫ్ఆర్ 69, అంటే కిడ్నీ వడపోత వేగం. సిస్టాటిన్ లెక్కలో 66. రెండూ దగ్గరగానే ఉన్నాయి కాబట్టి అంకె నమ్మదగ్గదే. 60 దాటి ఉంది కదా అని నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆవిడ మూత్రం రిపోర్టు మీద వేలు పెట్టారు. ఆ నిష్పత్తి 30 లోపు ఉండాల్సింది 96 ఉంది. జ్వరం, ఇన్ఫెక్షన్ లాంటివి ఉన్నా ఒక్కోసారి ఇలా వస్తుందని మళ్లీ చేయించారు, మళ్లీ దాదాపు అంతే వచ్చింది. మూడు నెలలకి పైగా ఇలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మొదటి దశల్లో ఉన్నట్టేనట. ఆ రోజు నా బీపీ 150/94. స్కాన్‌లో కిడ్నీల సైజు బాగానే ఉంది. పొటాషియం 4.7, అదీ పరవాలేదు. పొటాషియం ఎక్కువుండే అరటిపళ్ల మధ్య బతికేవాణ్ణి కదా, ఆ అంకె చూసేదాకా నాకు టెన్షనే. టెల్మిసార్టాన్ లాంటి మందులు పొటాషియాన్ని కూడా పెంచుతాయి.

ఇక క్రియాటిన్ సంగతి. ఆవిడ టెల్మిసార్టాన్‌ని 80కి పెంచారు. ఈ మందు మోతాదు పెంచినప్పుడు మొదట్లో క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే, 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మందు ఆపరు. నా విషయంలో 1.3 మీద 30 శాతం అంటే దాదాపు 1.7. రెండు వారాల తర్వాత పరీక్షలో 1.6 వచ్చిందనుకోండి, ఈజీఎఫ్ఆర్ 53కి పడిపోతుంది. మందు వల్లే అయితే కంగారు లేదు. కానీ అదే సమయంలో నేను క్రియాటిన్ మొదలుపెట్టి ఉంటే అది మందు వల్లా, పొడి వల్లా, లేక జబ్బు నిజంగా ముదరడం వల్లా? "నాకు తెలియదు, మీకు తెలియదు. తెలియనప్పుడు నేను చేసేది ఒకటే, భయపడి మంచి మందు తగ్గించేయడం. మీ కిడ్నీని కాపాడేది ఆ మందే" అన్నారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి క్రియాటిన్ హాని చేస్తుందని గట్టిగా రుజువైందా అని అడిగాను. లేదన్నారు. చేయదని కూడా రుజువు కాలేదు, ఎందుకంటే ఆ పరిశోధనల్లో ఎక్కువగా ఆరోగ్యవంతుల్నే తీసుకున్నారు. అందుకని నాకు వద్దన్నారు.

ఆవిడకి క్రియాటిన్ కంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. "ఒళ్లు నొప్పులకి ఏం వేసుకుంటున్నారు?" జిమ్‌లో చాలామంది డైక్లోఫినాక్ వేసుకుంటారు, నాకూ ఒకరు పట్టీ ఇవ్వబోయారు. బీపీకి ఇలాంటి మందు వాడుతూ, మే నెల ఉక్కలో చెమటకి ఒంట్లో నీళ్లు తగ్గి, పైన ఈ నొప్పి మాత్ర పడితే కిడ్నీ ఉన్నపళంగా దెబ్బతినొచ్చు. నీళ్ల మాత్ర కూడా వాడేవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ. నొప్పి మరీ ఉంటే పారాసెటమాల్, లేదంటే ఒకరోజు విశ్రాంతి అన్నారు. వే ప్రోటీన్ కూడా సొంతంగా మొదలుపెట్టొద్దని చెప్పారు.

వచ్చేముందు మా మేనమామ గురించి అడిగాను. ఆయనకి గుండె వైఫల్యం, రోజూ పొద్దున్నే బరువు చూసుకుంటాడు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరిందని లెక్క, వెంటనే గుండె డాక్టరుకి ఫోన్ చేయమన్నారు. నీరసానికి మంచిదని ఎవరో చెబితే వాళ్ల అబ్బాయి ఆయనకీ క్రియాటిన్ తెప్పిద్దామని చూస్తున్నాడు. ఈ పొడి మొదలుపెట్టిన వారంలో కండరాల్లో నీరు పట్టి కిలో, ఒక్కోసారి రెండు కిలోలు పెరగడం సహజం. ఆ నీరు కండలోదా ఊపిరితిత్తుల్లోదా అన్నది బరువు మిషన్ చెప్పదు. గుండె డాక్టర్ని అడక్కుండా వద్దే వద్దన్నారు.

కాలేయం గురించి తక్కువే మాట్లాడుకున్నాం. నా స్కాన్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ కనిపించినా ఆవిడ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. బరువులెత్తిన మర్నాడు రక్తమిస్తే కండరాల నుంచి ఎస్జీఓటీ అనే ఎంజైము పెరిగి లివర్ పాడైనట్టు కనిపించవచ్చు, ఆ విషయం డాక్టరుకి చెప్పాలన్నారు. సిర్రోసిస్ ఉన్నవాళ్ల కథ వేరు. కండ కరిగిపోయి ఉంటుంది కాబట్టి వాళ్లకి క్రియాటినిన్ తక్కువగా కనిపించి, కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు మోసం చేస్తుంది. అలాంటి అంకెలో పొడి కూడా కలిస్తే ఇక ఏ లెక్కా తేలదు.

మందు పెంచాక నా క్రియాటినిన్ 1.4 దగ్గర నిలబడింది. ఉప్పు, ఆవకాయ తగ్గించాను. కొన్ని నెలలకి బీపీ 128/80కి, మూత్రంలో ఆ 96 కాస్తా 41కి దిగాయి. ఇప్పుడైనా క్రియాటిన్ వేసుకోవచ్చా అంటే, 30 లోపు రానివ్వండి, అప్పుడైనా వద్దనే అంటాను అని నవ్వారు. బరువులైతే మానలేదు. పొడి లేకుండానే పెరుగుతున్నాయి, కాస్త నెమ్మదిగా.

ఈలోగా కోచ్ కుర్రాడికే టెన్షన్ పట్టుకుంది. ఇన్సూరెన్స్ కోసం రక్తం ఇస్తే క్రియాటినిన్ 1.4 వచ్చింది. అతనికి బీపీ లేదు, షుగర్ లేదు. నేను చూపించుకున్న డాక్టరుగారి దగ్గరికే పంపాను. మూత్రంలో అల్బుమిన్ మామూలుగా ఉంది, సిస్టాటిన్ సి కూడా బాగుంది. క్రియాటిన్ ఆపి నెల పైన ఆగి మళ్లీ చేయించమన్నారు, కండరాల్లో పెరిగిన నిలవ తగ్గడానికి అంత టైము పడుతుందట. ఈసారి 1.1 వచ్చింది. మళ్లీ వాడుకోవచ్చని అతనికి ఒప్పుకున్నారు. కాకపోతే ఎక్కడ రక్తమిచ్చినా క్రియాటిన్ వాడుతున్నట్టు ముందే చెప్పమన్నారు.