తప్పు లెక్కకే ఫార్ములా దొరికింది

సెలవు రోజు కదా అని కాస్త నడుం వాల్చబోతుంటే అమ్మాయి ఫిజిక్స్ నోట్సు పట్టుకుని వచ్చింది. "నాన్నా, విసిరిన బంతి ఎంత దూరంలో పడుతుందో చెప్పే ఫార్ములా దగ్గర గాలి నిరోధం లేదనుకుందాం అని రాశారు. ఉందనుకుంటే ఫార్ములా ఏమవుతుంది?"

లేదమ్మా, ఫార్ములా లేదు అన్నాను. నమ్మలేదు. సరే, కూర్చుని చేద్దామన్నాను. పోయింది మధ్యాహ్నం.

క్రికెట్ బంతి లాంటిదాన్ని సెకనుకు 40 మీటర్ల వేగంతో, 45 డిగ్రీల కోణంలో విసిరామనుకున్నాం. గాలి లేకపోతే అది 163 మీటర్ల దూరంలో పడాలి. ఈ వేగాల్లో గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బంతి బరువు, సైజు, గాలి సాంద్రత అన్నీ కలిపి ఒకే k కింద పెట్టి, విలువ మీటరుకు 0.007 అనుకున్నాం. అంటే నిరోధం వల్ల వచ్చే త్వరణం k·v².

ప్రోగ్రాం నేనే గబగబా రాశాను. అడ్డంగా ఉన్న వేగానికి `k*vx*vx`, నిలువు వేగానికి `k*vy*vy`. 97.5 మీటర్లు అని వచ్చింది. 163 కంటే బాగా తక్కువే, నమ్మేలాగే ఉంది. టీ పెట్టుకుందామని లేచాను.

"నాన్నా, ఇదేంటి? పైకి వెళ్ళేటప్పుడు నిలువు వేగం 28.28, కింద పడేటప్పుడూ 28.28. గాలి దారంతా ఆపుతుంటే అదే వేగం మళ్ళీ ఎలా వచ్చింది?"

చూస్తే నిజమే. వర్గం చేస్తే గుర్తు పోతుంది. దాంతో బంతి కిందికి దిగుతున్నప్పుడు కూడా నా గాలి దాన్ని కిందికే తోస్తోంది!

గుర్తు సరిచేస్తే సరిపోదు. అసలు తప్పు వేరే ఉంది. నిరోధం బంతి వెళ్ళే దిశకు ఎదురుగా ఉంటుంది, దాని పరిమాణం మొత్తం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. దాన్ని అడ్డానికీ నిలువుకూ విడదీస్తే v² కాస్తా v·vx, v·vy అవుతుంది. vx² కాదు.

```
v = (vx*vx + vy*vy)**0.5
ax = -k*v*vx
ay = -g - k*v*vy
```

ఫార్ములా ఎందుకు లేదో ఆ మొదటి వరుసలోనే ఉందని అప్పుడు చూపించాను. అడ్డంగా బంతి ఎంత నెమ్మదిస్తుందో తెలియాలంటే నిలువు వేగం తెలియాలి, దానికి మళ్ళీ అడ్డం వేగం తెలియాలి. వర్గమూలం రెండింటినీ ముడివేసేసింది. నా తప్పు ప్రోగ్రాంలో ఆ ముడి లేదు, అందుకే దానికి లాగరిథంతో చక్కటి ఫార్ములా కూడా వస్తుంది. బంతిని నిటారుగా పైకి విసిరినా ముడి ఉండదు, అక్కడ ఫార్ములా నిజంగానే ఉంది. ఏటవాలుగా విసిరితే మాత్రం వేగానికీ దారి వాలుకూ మధ్య సంబంధం కచ్చితంగా రాయొచ్చు. 1719లోనే గణితవేత్త యోహాన్ బెర్నూలీ ఆ దారి పట్టాడు. కానీ అక్కడినుంచి దూరం, ఎత్తు రాబట్టే సమాకలనాలు మనకు తెలిసిన మామూలు ప్రమేయాల్లో తేలవు.

కాబట్టి చిన్న చిన్న అడుగులు వేయడమే. మొదటి అడుగు కాగితం మీద చేయించాను. మొదట్లో ax = −0.007 × 40 × 28.28, అంటే −7.92. ay దానికి 9.8 తోడై −17.72. 0.1 సెకను గడిచాక అడ్డం వేగం 27.49, నిలువు 26.51. మొత్తం వేగం 38.19 అయింది కాబట్టి నిరోధమూ తగ్గింది, దాన్ని మళ్ళీ లెక్కకట్టాలి. రెండో అడుగుకే విసుగొచ్చి, మిగతాది కంప్యూటర్‌కు వదిలేసింది.

అడుగు మొదట్లో ఉన్న త్వరణాన్నే అడుగంతా వాడితే తప్పు పేరుకుంటుంది. అందుకే ముందు సగం అడుగు వేసి, అక్కడి వేగం, త్వరణాలతో పూర్తి అడుగు వేయించాను. 0.01 సెకను అడుగుతో 91.3 మీటర్లు వచ్చింది. అడుగును సగం చేసినా అంతే. ఇలా మారకపోతేనే ఆ అంకెను నమ్మాలి. k సున్నా చేస్తే 163 వచ్చిందా అని కూడా చూశాం, వచ్చింది.

ఇంకో చిన్న చిక్కు: చివరి అడుగులో బంతి నేల లోపలికి వెళ్ళిపోతుంది. అక్కడే ఆపేస్తే పది సెంటీమీటర్లకు పైగా తేడా రావచ్చు. నేలకు పైనున్న చివరి బిందువుకూ, కిందనున్న మొదటి బిందువుకూ మధ్య గీత గీసి, అది నేలను ఎక్కడ తాకుతుందో చూడాలి.

గ్రాఫ్ గీస్తే పారాబోలా ఓ పక్కకు ఒరిగిపోయింది. శిఖరం సగం దూరంలో లేదు, 51 మీటర్ల దగ్గరుంది. ఎక్కడానికి 2.3 సెకన్లు, దిగడానికి 2.6. పడేటప్పుడు నిలువు వేగం 21 మాత్రమే, కోణం మాత్రం 58 డిగ్రీలు.

"మరి 45 డిగ్రీలకే ఎక్కువ దూరం వెళ్తుందా?"

కాదు, కాస్త తక్కువ కోణానికే అన్నాను. ఎంత తక్కువో తనే కోణాలు మారుస్తూ వెతుక్కుంటోంది. నేను టీ పెట్టుకోవడానికి లేచాను, ఈసారి నిజంగానే.